డౌన్‌లోడ్ చేసుకున్న పాఠం ఎందుకు ఆగిపోతోంది: ఈ నెల నుంచి మారుతున్న గడువు

"మేడమ్, పాఠాలన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నా. ఇప్పుడు నొక్కితే లైసెన్స్ గడువు అయిపోయింది అంటోంది. మా ఊళ్లో నెట్ రాదు. డబ్బులు కట్టింది దేనికి మరి?"

పాడేరు వైపు నుంచి ఒక అక్క ఇలా అడిగారు. ఇదే మాట ఇంకా చాలామంది అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

మన కుట్టు పాఠాల యాప్‌లో డౌన్‌లోడ్ నొక్కితే ఫోన్లోకి రెండు వస్తాయి. ఒకటి వీడియో, అదీ తాళం వేసి ఉన్నది. రెండోది ఆ తాళం తీసే చిన్న లైసెన్స్. వీడియోకి గడువు లేదు, లైసెన్స్‌కే ఉంది. ఇప్పటిదాకా అది 14 రోజులు. ఆ అక్క జూన్ 3న విశాఖలో చెల్లెలి ఇంట్లో వైఫై మీద ప్రిన్సెస్ కట్ పాఠాలు దించుకుని ఊరికి వెళ్లారు. 17తో లైసెన్స్ అయిపోయింది. వీడియోలు ఫోన్లో చోటు ఆక్రమించుకుని అలాగే ఉన్నాయి, తెరుచుకోవడం మాత్రం లేదు. పాడైపోయాయేమో అనుకుని అన్నీ తీసేసి, మళ్ళీ దించుకోవడానికి డేటా ప్యాక్ కొన్నారు. అది నాకు బాగా బాధ అనిపించింది, ఎందుకంటే ఆ ఖర్చు అవసరమే లేదు.

దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి: గడువు అయిపోయినా వీడియోని తీసేయకండి. సిగ్నల్ ఉన్న చోట యాప్ తెరిచి, "నా డౌన్‌లోడ్లు"లోకి వెళ్లి ఆ పాఠం నొక్కండి. లైసెన్స్ ఒక్కటే కొత్తగా వస్తుంది. అది కొన్ని కేబీలే, వాట్సాప్‌లో ఒక ఫొటో పంపినంత కూడా కాదు. సంతకి వెళ్లినప్పుడు దొరికే బలహీనమైన సిగ్నల్ చాలు. కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ వెనకాల నడిచే పనులన్నీ ఆపేస్తుంది, కాబట్టి డేటా ఆన్ చేసి జేబులో పెట్టుకుంటే సరిపోదు, యాప్ తెరవాల్సిందే.

నెట్ ఉన్నా లైసెన్స్ రాకపోతే ముందు ఫోన్లో తేదీ చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి మళ్ళీ ఆన్ చేసినప్పుడు కొన్ని పాత ఫోన్లు ఎప్పటిదో తేదీ చూపిస్తాయి. తేదీ తప్పుగా ఉంటే సర్వర్‌తో భద్రమైన కనెక్షనే కుదరదు. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం ఆటోమేటిక్‌గా పెట్టి మళ్ళీ నొక్కండి. తేదీ వెనక్కి జరిపితే గడువు పెరుగుతుందని ఎవరో వీడియో పెట్టారట, ఆ పని చేయకండి. గడియారం వెనక్కి వెళ్లిందని యాప్ పసిగడితే ఇంకా మిగిలి ఉన్న లైసెన్సులూ ఆపేస్తుంది.

నిజంగా మళ్ళీ దించుకోవాల్సి వచ్చేది యాప్ తీసేసి మళ్ళీ వేసుకున్నప్పుడు, సెట్టింగ్స్‌లో యాప్ డేటా చెరిపేసినప్పుడు, ఫోన్ మార్చినప్పుడు. ఫైళ్లని మెమరీ కార్డు మీద వేరే ఫోన్లోకి వేసుకున్నా తెరుచుకోవు, లైసెన్స్ ఏ ఫోన్‌కి ఇచ్చామో ఆ ఫోన్‌కే.

అసలు ఈ తాళం ఎందుకని మీరు అడగొచ్చు. సభ్యత్వం అయిపోయినవాళ్ల దగ్గరా, డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్ల దగ్గరా పాఠాలు ఆగాలంటే యాప్ అప్పుడప్పుడు సర్వర్‌ని అడగక తప్పదు. పాటల యాప్ స్పాటిఫై కూడా, దించుకున్న పాటలు ఆడాలంటే 30 రోజులకి ఒకసారైనా నెట్‌లోకి రమ్మంటుంది. కానీ దొంగతనం ఈ తాళంతో ఆగిపోతుందని నేను చెప్పను. ఇంకో ఫోన్ కెమెరాతో స్క్రీన్‌ని తీసేవాళ్లని ఏ లైసెన్సూ ఆపలేదు. డబ్బు కట్టి, మిషన్ దగ్గర ఫోన్ పెట్టుకుని నేర్చుకునేవాళ్లకే 14 రోజుల గడువు ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

అందుకే ఈ నెల నుంచి గడువు 30 రోజులు చేస్తున్నాం. ఇందులో ఒక మెలిక ఉంది. మీ ఫోన్లో ఇప్పటికే ఉన్న లైసెన్స్ 14 రోజులకని ఇచ్చింది, మేం ఇక్కడ మార్చినా అది దానంతట అది పెరగదు. యాప్ అప్‌డేట్ చేసుకుని, నెట్ ఉన్నప్పుడు ఒక్కసారి తెరిస్తే కొత్త గడువు వస్తుంది. ఆ తర్వాత గడువు 10 రోజుల్లోపుకి వచ్చినప్పుడు, మీరు నెట్‌లో యాప్ తెరిస్తే చాలు, పాఠాలన్నిటికీ మళ్ళీ 30 రోజులు అవుతుంది. ప్రతి పాఠం కింద ఏ తేదీ వరకు ఆడుతుందో కూడా కనిపిస్తుంది. సభ్యత్వం అంతకన్నా ముందే అయిపోయేట్టుంటే ఆ తేదీ వరకే లైసెన్స్ వస్తుంది, అది చూసి కంగారు పడకండి.

కొలతల చార్టులకీ, పేపర్ కటింగ్ షీట్లకీ తాళం మొత్తంగా తీసేశాం. అవి మామూలు పీడీఎఫ్‌లు, ప్రింట్ తీసి మిషన్ పక్కన గోడకి అంటించుకోవచ్చు.

గడువు అయిపోయి నేర్చుకునే రోజులు పోయినవాళ్లు ఆ ఎర్ర మెసేజ్ స్క్రీన్‌షాట్ మన వాట్సాప్ నంబరుకి పంపండి. ఎన్ని రోజులు పోయాయో అన్ని రోజులు సభ్యత్వానికి కలుపుతాం.