రాత్రి పదింటికే షాపు మూస్తున్నాం, కారణం ఇదీ

"పన్నెండు దాకా ఉండే షాపు పదింటికే ఎందుకు మూస్తున్నరు? వాచ్‌మన్ అన్న యూనిఫాం ఎందుకు మారింది?" అని మా స్వీట్ల షాపు కౌంటర్ దగ్గర అడుగుతున్నారు. సగం సగం తెలిసి ఎవరికి తోచింది వాళ్లు అనుకునే కన్నా నేనే చెప్పడం మంచిది.

సెక్యూరిటీ ఏజెన్సీ ద్వారా మా దగ్గరికొచ్చిన వాచ్‌మన్ అన్న ఇంటి రేకులు మార్చుకోవడానికి పీఎఫ్ అడ్వాన్స్ తీసుకుందామనుకున్నాడు. మా లెక్కలు చూసే అమ్మాయి అతని ఫోన్‌లో ఉమంగ్ యాప్ తెరిచి పాస్‌బుక్ చూసింది. పాత డ్యూటీ చోట పని చేసినన్నాళ్లూ నెలనెలా జమ ఉంది. హనుమకొండలో మా షాపుకొచ్చిన నెల నుంచి ఏమీ లేదు, ఎనిమిది నెలలు ఖాళీ. జీతం స్లిప్పులో మాత్రం ప్రతి నెలా 1,560 రూపాయలు పీఎఫ్ కింద కోస్తూనే ఉన్నారు.

"నీకు ముందే అనుమానం రాలేదా అన్నా?" అంటే, "వచ్చింది మేడం. చెప్తె డ్యూటీ పోతదేమోనని ఊకున్న" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది ఎందుకంటే, తక్కువ రేటు చెప్పిన ఏజెన్సీలను కాదని ఈ ఏజెన్సీని పెట్టుకున్నదే వాళ్ల బిల్లులో అన్నీ విడివిడిగా ఉన్నాయని. జీతం 13,000. దాని మీద ఏజెన్సీ కట్టాల్సిన పీఎఫ్, ఇతర చార్జీలతో కలిపి 13 శాతం, అంటే 1,690. ఓవర్‌టైం ఇంకో 13,000. ఓవర్‌టైం అంతెందుకని మొదట్లో నేనూ అడిగాను. లెక్క సరైనదే. 26 రోజులకు 13,000 అంటే ఎనిమిది గంటల రోజుకు 500, గంటకు 62.50. ఎనిమిది దాటిన గంటకు రెట్టింపు, అంటే 125. పన్నెండు గంటల డ్యూటీలో రోజూ నాలుగు గంటలు ఎక్కువ, నెలకు 104 గంటలు. అలా ఓవర్‌టైమే జీతమంత అవుతుంది. నేను ఆ మొత్తం కట్టాను. అన్న చేతికి "ఎక్స్‌ట్రా డ్యూటీ" పేరుతో వచ్చింది 3,000. నెలకు పదివేలు మధ్యలోనే ఆగిపోయాయి.

ప్రతి బిల్లుకూ పీఎఫ్ చలానా జిరాక్స్ జతచేసేవాళ్లు. చలానాలో మొత్తం ఎంతో ఉంటుంది కానీ ఎవరి పేరున కట్టారో ఉండదు. పేర్లు ఉండేది ఈసీఆర్ అనే జాబితాలో, ఒక్కో మనిషికి యూఏఎన్ నంబర్‌తో సహా. అది పంపమంటే మొదట సర్వర్ పనిచేయట్లేదన్నారు. తర్వాత సూపర్‌వైజర్ వచ్చి, "అతని లెక్క మాతోటి మేడం, మీకెందుకు? కావాలంటే రేపే వేరే మనిషిని పంపిస్త" అన్నాడు. ఆ మాటతోనే నేను మొండికేశాను. చేతిలో ఉన్న రెండు నెలల బిల్లు ఆపేశాను.

ఆ తర్వాతిదే నిద్రపట్టనివ్వలేదు. ఓవర్‌టైం బాకీయే 80,000. ఆపిన బిల్లులు దానికి సరిపోవు. ఒకసారి కట్టిన డబ్బు మళ్లీ నా జేబులోంచి ఎందుకు తీయాలి? ఆడిటర్ గారిని అడిగితే, కాంట్రాక్టర్ ఎగ్గొడితే పని చేయించుకున్న యజమానే ముందు కట్టాలి, తర్వాత వాడి దగ్గర రాబట్టుకోవాలి అన్నారు. రెండు మూడు రాత్రులు ఆయన్నీ చట్టాన్నీ తిట్టుకున్నాను. చివరికి ఆపిన బిల్లుల డబ్బుకు తక్కువైంది కలిపి అన్న బ్యాంకు ఖాతాలో వేశాను, ఏ నెలకు ఎంతో రాసిన కాగితం ఏజెన్సీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. తక్కువైన సొమ్ము కోసం లాయర్ నోటీసూ వెళ్లింది.

పీఎఫ్ చేతికిచ్చేది కాదు, ఖాతాలోనే పడాలి. అతని వాటా, ఏజెన్సీ వాటా కలిపి నెలకు 3,120 చొప్పున ఎనిమిది నెలలకు 24,960, పైన ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ. స్లిప్పులన్నీ జతచేసి అన్న పీఎఫ్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాడు. ఇప్పటికి మూడు నెలలది పడింది. మిగతాది పడకపోతే అదీ నా మెడకే వస్తుందని ఆడిటర్ గారు చెప్పారు, తెలుసు.

అన్న ఇప్పుడు మా మనిషే. కార్ఖానాతో కలిపి ఇరవై మందికి పైనే ఉన్నాం కాబట్టి మాకూ పీఎఫ్ కోడ్ ఉంది, అతని పాత యూఏఎన్ మీదే కడతాం. డ్యూటీ ఎనిమిది గంటలు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. పది తర్వాత పార్కింగ్ చూసే మనిషి లేడు కాబట్టే షాపు మూస్తున్నాం. రెండో షిఫ్టుకు మనిషిని పెట్టే స్తోమత ఈ సీజన్‌లో లేదు. స్వీట్ల రేట్లు మాత్రం దీని పేరు చెప్పి పెంచను.

ఏజెన్సీ పేరు అడగొద్దు, నోటీసు నడుస్తోంది. రాత్రి బస్సుకు వెళ్లేవాళ్లు తొమ్మిదిన్నర లోపు ఫోన్ చేస్తే డబ్బాలు కట్టి ఉంచుతాం.