మూడు వారాలు దాటిన నోటిపుండు

సంపాదకులకు,

చెన్నై షావుకారుపేటలో మా పక్క దుకాణం నడిపే తెలుగు పెద్దాయనకు నాలుక పక్కన పుండు పడింది. నొప్పి లేదని, వేడి చేసిందని మందుల షాపులో బి-కాంప్లెక్స్ మాత్రలు, పూత మందు కొని వాడుతూ రెండు నెలలు గడిపారు. చాలామంది చేసేదీ ఇదే.

మామూలు నోటిపూత బాగా మండుతుంది, కానీ సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో మానిపోతుంది. క్యాన్సర్ పుండు తొలిదశలో తరచుగా నొప్పే పెట్టదు కాబట్టి, నొప్పి లేదన్న ధీమాయే ప్రమాదకరం. 3 వారాలు దాటినా మానని పుండును, పొగాకు అలవాటు లేనివారైనా సరే, దంతవైద్యునికి చూపించాలి.

ఆయనను పరీక్షించిన వైద్యురాలు పుండు అంచును వేలితో నొక్కి చూసి గట్టిగా ఉందని గుర్తించారు. మెడలో గడ్డలున్నాయేమోనని తడిమి చూశారు. పుండుకు ఒరుసుకుంటున్న విరిగిన దవడపంటిని నున్నగా అరగదీసి, రాపిడి వల్ల వచ్చినదైతే రెండు వారాల్లో మానాలని చెప్పి, మళ్లీ రమ్మన్నారు. అది తగ్గకపోవడంతో మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపగా, తొలిదశ క్యాన్సర్ అని తేలింది. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని ఇంట్లోవారు భయపడ్డారు గానీ, అది అపోహ. కంటి చూపుతో ఎంతటి వైద్యులైనా ఖాయంగా చెప్పలేరు.

మానని పుండ్లన్నీ క్యాన్సర్ కావు. అయితే అడిగినవారికల్లా పూత మందు అందించే మందుల షాపులవారు, పుండు ఎన్నాళ్లుగా ఉందో ముందుగా అడగాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకుడు, చెన్నై