నువ్వు వదిలేసిన 24 ప్రశ్నల గురించి

శీనూ,

నీ ఉత్తరం అందింది. మాక్ టెస్టులో 24 ప్రశ్నలు ఖాళీగా వదిలేశావని చదివి మనసు ఉసూరుమంది. ఏమీ తెలియక వదిలేసి ఉంటే నేనేమీ అనేవాణ్ణి కాదు. ప్రతిదాంట్లో రెండు ఆప్షన్లు కొట్టేశావట, మిగిలిన రెండింటి మధ్య తేల్చుకోలేక, నెగెటివ్ మార్కుల టెన్షన్‌తో వదిలేశావట. అది చదివాక ఊరుకోలేకపోయాను.

నీ పరీక్ష లెక్కే చూద్దాం. సరైన జవాబుకు 2 మార్కులు. తప్పుకు అందులో మూడో వంతు, అంటే దాదాపు 0.67 కోత. ఒక్క ఒప్పు మూడు తప్పుల్ని పూడ్చేస్తుంది, ఇది గుర్తుపెట్టుకో. ఇప్పుడు ఏమీ తెలియనివాడు నాలుగు ఆప్షన్లలో ఏదో ఒకటి పెట్టాడనుకో. నాలుగు ప్రశ్నలకు ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. వచ్చింది 2, పోయింది 2. సగటున సున్నా. వదిలేసినా సున్నానే కదా! అంటే గుడ్డిగా పెట్టేవాడికి లాభం రాకూడదని పెట్టిన కోత ఇది. కొంచెం తెలిసినవాడికి దీనివల్ల నష్టం లేదు.

రెండు ఆప్షన్లు నిజంగానే పోయాయనుకుందాం. అప్పుడు రెండు ప్రశ్నలకు ఒకటి తగులుతుంది. 2 వస్తాయి, 0.67 పోతుంది, మిగిలేది 1.33. ప్రశ్నకు సగటున 0.67 లాభం. నీ 24 ప్రశ్నలకు 16 మార్కులు! నువ్వు కటాఫ్ దగ్గర ఎంత తేడాతో ఆగిపోయావో నీకే తెలుసు.

"అదృష్టం బాగోకపోతే?" అంటావు. సరే, 24లో 9 మాత్రమే తగిలాయనుకో. 18 వస్తాయి, 15 తప్పులకు 10 పోతాయి. అయినా 8 మిగులుతాయి. 6 తగిలితే లెక్క చెల్లు. నష్టం రావాలంటే 5 లేదా అంతకంటే తక్కువే తగలాలి. బొమ్మా బొరుసులా సగం సగం అవకాశం ఉన్నప్పుడు అలా జరిగేది వెయ్యింట మూడుసార్లు. అదే రెండు మూడు ప్రశ్నలకే పెడితే అటూ ఇటూ ఊగిసలాట ఎక్కువగా ఉంటుంది. ఎక్కువ ప్రశ్నలకు పెట్టే కొద్దీ ఫలితం సగటుకు దగ్గరగా వస్తుంది.

ఇంతవరకు లెక్క తేలికే. అసలు చిక్కు "నిజంగానే పోయాయి" అన్న మాటలో ఉంది. మనం కొట్టేసిన రెండింట్లోనే సరైన జవాబు ఉంటే? అప్పుడు మిగిలిన రెండింటిలో ఏది పెట్టినా తప్పే. నా ఐదు మాక్ టెస్టులు ముందేసుకుని ఇదే చూశాను. రెండు కొట్టేసి జవాబు పెట్టిన ప్రశ్నలు మొత్తం 80. సరైన జవాబు మిగిలిన రెండింటిలో ఉన్నవి 62. వాటిలో నాకు తగిలినవి 33. చివరి రెండింటి మధ్య ఎంచుకోవడంలో సగానికి కాస్త పైనే ఉన్నాను. చిల్లు అక్కడ లేదు, 18 ప్రశ్నల్లో సరైన జవాబును నా చేత్తో నేనే కొట్టేశాను! అందులో 11 చోట్ల కారణం ఒకటే. విషయం తెలిసి కాదు, ఆప్షన్‌లో "మాత్రమే", "ఎప్పుడూ" లాంటి మాటలు కనిపించాయని, లేదా ఆ పేరు ఎప్పుడూ వినలేదని కొట్టేశాను. ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు ఈ అలవాట్లన్నీ తెలుసు రా.

అయినా చూడు, 80కి 33 అంటే నూటికి 41. నాకు వచ్చినవి 66, పోయినవి 31 పైచిలుకు. దాదాపు 35 మార్కుల లాభం! మూడో వంతు కోత ఉన్నప్పుడు నూటికి 25 దాటితే చాలు కాబట్టి ఇది సాధ్యమైంది. అంటే నువ్వు కొట్టివేయడంలో సగం సార్లు పొరపాటు పడినా, చివరి రెండింటిలో సగం తగిలితే నష్టం ఉండదు.

కానీ ఇదే ధీమాతో ఇంకో పరీక్షకు వెళ్లకు. ఒప్పుకు ఇచ్చే మార్కుల్లో సగం తప్పుకు కోసే చోట నూటికి 33 దాటాలి, అక్కడా నా 41 నిలబడుతుంది. ఒప్పుకు ఎంతో తప్పుకూ అంతే కోసే చోట 50 దాటాలి. అక్కడ నా 33 ఒప్పులు, 47 తప్పులు నన్ను ముంచేస్తాయి. అలాంటి పేపర్లో నేనైతే రెండింటి మధ్య ఊగే ప్రశ్నను వదిలేస్తాను.

వచ్చే మాక్ టెస్టులో ఒక పని చెయ్యి. రెండు కొట్టేసి పెట్టిన ప్రతి ప్రశ్న పక్కన చిన్న చుక్క పెట్టు. తెలిసి కొట్టేసిన ఆప్షన్‌కు గీత, అనుమానంతో కొట్టేసినదానికి ఇంటూ పెట్టు. కీ చూసుకున్నాక సరైన జవాబు గీతల కింద ఎన్నిసార్లు పోయిందో, ఇంటూల కింద ఎన్నిసార్లు పోయిందో విడివిడిగా లెక్కపెట్టు. ఒక్క టెస్టుతో తేల్చేయకు, చుక్కలు 60, 70 అయ్యేదాకా ఆగు. ఆ లెక్క నాకు రాసి పంపు, నా లెక్క పక్కన పెట్టి చూస్తాను.

నీ
రాము