శనివారం తెలుగు క్లబ్: ఈ ఏడాది ఆటల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఇక్కడ మెల్‌బోర్న్‌లో మన క్లబ్‌కి వచ్చే పిల్లల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో వస్తుంది. ఏడాది మొదట్లో తెలుగు అంకెలతో తంబోలా ఆడించాం. పిల్లలకి భలే నచ్చింది కానీ, కొన్ని వారాలకి లోపం తెలిసింది. గదిలో తెలుగు మాట్లాడేది అంకెలు చదివే అక్క ఒక్కతే. పిల్లలు వింటూ గళ్లు కొట్టుకుంటున్నారు, అంతే.

అందుకే నోరు విప్పకపోతే సాగని ఆటకి మారాం. పిల్లలు దానికి ‘అట్ట ఆట’ అని పేరు పెట్టారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో అట్ట అడ్డం. ఇద్దరి దగ్గరా గిన్నె, గరిటె, చెంచా, జల్లెడ, ఉల్లిపాయ ఉంటాయి. ఒకరు తమ సామాన్లు సర్దుకుని, అవతలివాళ్ల చేత కూడా అలాగే పెట్టించాలి. “గరిటె గిన్నెలో పెట్టు. ఉల్లిపాయ జల్లెడ కింద పెట్టు.” చివర్లో అట్ట తీసి రెండు వైపులా పోల్చి చూస్తాం.

మొదటివారం ఒక బాబు లేచి నిలబడి, “అది అక్కడ పెట్టు” అని వేలు చూపించి గెలిచేశాడు. మరుసటి వారం ఎత్తైన అట్ట తెచ్చాం. అది, ఇది, అక్కడ, ఇక్కడ అనే మాటలు నిషేధించాం. అప్పటి నుంచి మీద, కింద, పక్కన, వెనక వాటంతటవే రావడం మొదలైంది. “ఆనియన్ గిన్నె వెనక పెట్టు” అన్నా ఒప్పుకున్నాం. దీని మీద కమిటీలో వాదన జరిగింది. వస్తువు పేరు రేపైనా నేర్చుకోవచ్చు, వాక్యం తెలుగులో కట్టడం ముందు రావాలని మా అభిప్రాయం.

ఈ ఆట సామాన్లు పెట్టెల్లో సర్ది ఇళ్లకీ పంపాం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఆడితే అట్ట తీసిన మరుక్షణం ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోతున్నారని తల్లిదండ్రులు చెప్పారు. నిజమే, దానికి మా దగ్గర మందు లేదు. వీడియో కాల్‌లో తాతయ్య, అమ్మమ్మలతో ఆడినప్పుడే ఆట బాగా నిలబడింది. ఇక్కడ మధ్యాహ్నం 2 గంటలంటే ఇండియాలో ఉదయం 9.30, మన వేసవిలో అయితే 8.30. వాళ్లు కాఫీ తాగి తీరిగ్గా కూర్చునే వేళ.

ఒక పాప తాతయ్యని “గరిటె పెట్టు” అంటే, ఆయన నవ్వి, “నేనేమన్నా నీ తమ్ముడినా?” అన్నారట. మూడోసారి ఆడేటప్పటికి “పెట్టండి, తియ్యండి” అంటోందట. కొన్ని ఇళ్లలో అమ్మమ్మని నువ్వు అనే పిలుస్తారు. అది ఆ ఇంటి అలవాటు, మేం దిద్దం.

ఆటలో వచ్చిన మాట ఆట బయట కూడా వస్తోందా అన్నదే అసలు లెక్క. “నా షూ మంచం కింద ఉంది” అని తనంతట తానే అన్న పిల్లల గురించి తల్లిదండ్రులు మాకు చెబుతున్నారు. అందరూ అక్కడిదాకా రాలేదు.

సామాన్లన్నీ సభ్యుల ఇళ్లవే కాబట్టి ఖర్చేమీ కాలేదు. రెండు పెట్టెల్లో జల్లెడలు తిరిగి రాలేదు. మీ వంటింట్లో ఉన్నాయేమో చూసి, వచ్చే శనివారం తెచ్చివ్వండి.