షుగరు బయటపడిన రోజు చేతిలో పెట్టే కాగితం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. గోదావరి జిల్లాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసి రిటైరైన డాక్టర్ని నేను. షుగరు కొత్తగా బయటపడినవాళ్ళకు మాత్రల కవరుతో పాటు ఇచ్చే కరపత్రం గురించి ఈ ఉత్తరం. నేను చూసిన కరపత్రాలన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. తీపి మానండి, అన్నం తగ్గించండి, ఓట్స్ తినండి, పాదాలు జాగ్రత్తగా చూసుకోండి. ఎంత తగ్గించాలో, పాదంలో ఏం చూడాలో ఉండదు. దాన్ని తిరగరాయించమని అడుగుతున్నాను.

నాట్లకూ కోతలకూ వెళ్ళే 52 ఏళ్ళ ఆవిడను తీసుకోండి. పరగడుపున 168, తిన్న రెండు గంటలకు 274. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం గట్టు మీద క్యారేజీ, రాత్రి మళ్ళీ అన్నమే. ఆవిడ ఒక్కత్తికే రోజుకు 400 గ్రాముల బియ్యం దాకా పడుతుంది. అంటే 300 గ్రాములు దాటిన పిండిపదార్థం. పైన మూడు టీలు, టీకి రెండు చెంచాల పంచదార. పప్పు పల్చన, కూర నంజుకోవడానికే.

ఈవిడకు ఓట్స్ రాసిచ్చి లాభం లేదు. ఉత్తినే "అన్నం తగ్గించు" అన్నా ప్రమాదమే. రోజంతా వంగి పనిచేసే మనిషి సగం కడుపుతో రెండు రోజులు ఉంటుంది, మూడో రోజు మామూలే. కాగితం మీద ఉండాల్సింది లెక్క. పూటకు 80 గ్రాముల బియ్యం, రోజుకు 240 అనుకుందాం. 80 గ్రాముల బియ్యం ఉడికితే పావు కిలోకి కాస్త తక్కువగా అన్నం అవుతుంది. గ్రాములు ఎవరింట్లోనూ తూచరు కాబట్టి ఆ అన్నం కంచంలో ఎంత చోటు పడుతుందో అసలు కొలతలో బొమ్మ వేయాలి: పావు కంచం అన్నం, పావు కంచం పప్పో గుడ్డో చేపో, మిగతా సగం కూర. తగ్గిన అన్నంతో రోజుకు 500 కాలరీలకు పైగా పోతాయి. వాటిలో చాలావరకు గుప్పెడు పెసలో కందిపప్పో అదనంగా వండుకుని, ఒక గుడ్డు, చిన్న గుప్పెడు వేయించిన పల్లీలు తింటే తిరిగొస్తాయి. టీలో పంచదార పూర్తిగా మానేయాలి. బెల్లం ఫరవాలేదనుకునేవాళ్ళు చాలామంది. అదీ పంచదారతో సమానమేనని అక్కడే రాయాలి.

రాగి జావ సంగతి కాస్త విడమరచాలి. షుగరుకు మంచిదని అన్నానికి తోడు రెండు గ్లాసుల జావ తాగేవాళ్ళు నాకు ప్రతి ఊళ్ళోనూ తగిలారు. రాగుల్లో పీచు, కాల్షియం ఎక్కువే. పిండిపదార్థం మాత్రం బియ్యానికి దగ్గర దగ్గరగానే ఉంటుంది. మెత్తటి పిండిని పల్చగా కాచి తాగితే చక్కెర త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. అన్నం బదులు చిన్న సంగటి ముద్ద కూరతో తింటే సరే, అన్నం మీద అదనంగా అయితే కాదు. చపాతీకీ ఇదే మాట: నాలుగు చపాతీలు తిని అన్నం మానేశాను అంటే మానేసినట్టు కాదు.

తిండి పక్కనే మాత్రల మాట ఒకటి ఉండాలి, అది నేను ఏ కరపత్రంలోనూ చూడలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే చక్కెర బాగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, అది వేసుకుని తినకపోతే పడిపోతుంది. శనివారం ఉపవాసమనో, షుగరు ఎక్కువుంది కదా అనో ఏమీ తినకుండా మాత్ర మింగి పొలానికి పోతే పదకొండు గంటలకు చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. ఎండలో ఆ చెమటను ఎండ చెమటే అనుకుంటారు. "తినని పూట ఈ మాత్ర వద్దు. వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తాగి, తగ్గాక ఏదైనా తిను, తర్వాత కేంద్రానికి రా. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏమీ పోయకు." ఈ నాలుగు మాటలు పెద్ద అక్షరాల్లో కావాలి.

ఇక పాదాలు. టైప్ 2 షుగరు చాలామందిలో ఏళ్ళ తరబడి తెలియకుండా ఉంటుంది. అందుకే బయటపడిన రోజుకే కొందరి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది. స్పర్శ పోయిన కాలికీ ఉన్న కాలికీ జాగ్రత్తలు వేరు. కాబట్టి అచ్చేసిన ఒకే మాట అందరి చేతిలో పెట్టే ముందు ఆ రోజే పాదం చూసి, ఫలితాన్ని కాగితం మీద పెన్నుతో రాయాలి.

దీనికి పరికరం లేకున్నా పరవాలేదు. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు 2011లో ప్రచురించిన పద్ధతి ఒకటుంది. పేషెంటును కళ్ళు మూసుకోమని, చూపుడు వేలి కొసతో రెండు కాళ్ళ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసల్ని ఒక్కొక్కటిగా ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి. తెలిసినప్పుడు కుడో ఎడమో చెప్పమనాలి. నొక్కకూడదు, తట్టకూడదు, చెప్పలేదని రెండోసారి తాకకూడదు. ఆరింట్లో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. ఏఎన్ఎం రెండు నిమిషాల్లో చేయగలదు. స్పర్శ బాగుంటే ఏడాదికోసారి, లేకపోతే కనీసం ఆరు నెలలకోసారి మళ్ళీ చూడాలి. పాదం పైన నాడి అందకపోయినా, అంతకుముందు పుండు పడి మానినా డాక్టరు ఇంకా తొందరగా చూడాలి.

మనం చెప్పుకున్న ఆవిడకు రెండు చిటికెన వేళ్ళూ తెలియలేదనుకోండి. కాగితం వెనకవైపు ఆవిడ కోసం ఏముండాలి? "చెప్పుల్లేకుండా నడవకండి" అంటే నవ్వుతుంది, నాట్లు చెప్పులేసుకుని వేయలేరు. గట్టు దాకా చెప్పులతో వెళ్ళమనండి. బురదలోంచి రాగానే కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో ఒత్తుకోమనండి. సందులు నాని తెల్లబడి చిట్లితే సూక్ష్మక్రిములకు అదే దారి. కొబ్బరినూనె మడమల పగుళ్ళకు మంచిదే, వేళ్ళ సందుల్లో మాత్రం వద్దు. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం, ఆనెల్ని బ్లేడుతో గీకడం, మందు పట్టీలు అంటించడం మూడూ మానాలి. కాలు వాచే మనిషికి మెట్టెలు బిగుసుకుంటాయి. తీసేయమంటే ఊళ్ళో ఎవరూ వినరు, కంసాలి దగ్గర వదులు చేయించుకోమంటే వింటారు. మధ్యాహ్నం గుడి బండల మీద ప్రదక్షిణలకూ, బండి సైలెన్సరుకూ దూరం. రోజూ రాత్రి అరికాలు మనవడితోనో మనవరాలితోనో చూపించుకోవాలి. చెప్పును తిరగేసి ముల్లో మేకో దిగిందేమో వేలితో తడుముకోవాలి. బొబ్బ, పుండు, నల్లమచ్చ, ఒక్క పాదమే వేడెక్కి వాయడం, వీటిలో ఏది కనిపించినా నొప్పి లేదని ఆగకుండా ఆ రోజే రావాలి. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టి కాదు, సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టుకుని.

మరొక కోరిక డబ్బుతో ముడిపడింది. కుష్ఠు వల్ల స్పర్శ పోయినవాళ్ళకు జాతీయ కార్యక్రమం కింద ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తటి రబ్బరు అడుగున్నవి, ఉచితంగా ఇస్తున్నాం. షుగరుతో స్పర్శ పోయిన పాదానికి అవసరం అదే, ఇచ్చే ఏర్పాటు మాత్రం లేదు. కాగితం మీద "స్పర్శ లేదు" అని టిక్కు పడినవారందరికీ ఆ జత అందేలా ఉత్తర్వు ఇవ్వండి. అయితే పాత రంగూ పాత పట్టీలతో ఇస్తే ఊళ్ళో వేసుకోరు. చూసినవాళ్ళు కుష్ఠు అనుకుంటారన్న భయం. బజారు చెప్పుల్లా కనిపించేలా, మడమ వెనక పట్టీతో చేయించాలి.

అచ్చు గురించి చివరిగా ఒకటి. నిగనిగలాడే కాగితం మీద పెన్ను పడదు. మామూలు కాగితం వాడించండి. నాయకుల ఫొటోలకు పోయే చోటులో రెండు పాదాల బొమ్మ, ఆరు వేళ్ళ మీద ఆరు ఖాళీ గళ్ళు పడతాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు