సముద్రం ఖాళీ అయితే తప్పు జాలరిదేనా?

సంపాదకులకు,

అయ్యా,

మొన్నటి ఆదివారం అనుబంధంలో తీరప్రాంత చేపలవేట మీద మీరు వేసిన వ్యాసం చదివాను. కోపంలో రాయకూడదని ఆగాను. కోపం తగ్గేలా లేదు, అందుకే రాస్తున్నాను.

గారెట్ హార్డిన్ 1968లో 'సైన్స్' పత్రికలో చెప్పిన 'ఉమ్మడి వనరుల విషాదం' మీదే వ్యాసమంతా నడిచింది. ఊరుమ్మడి పచ్చికబయల్లోకి ఒకడు ఇంకో పశువును తోలితే లాభం మొత్తం వాడిది, గడ్డి తరిగిన నష్టం మాత్రం అందరిదీ. అందరూ ఇదే లెక్క వేసుకుంటారు, బయలు బీడవుతుంది. మీ రచయితగారు బయలు తీసేసి సముద్రం పెట్టారు, పశువును తీసేసి పడవ పెట్టారు. జాలరి ఆశపోతుతనం వల్లే చేప తగ్గిందని తీర్పు ఇచ్చేశారు. హార్డిన్ బయలు ఊహించుకున్నదని, అందులో కాపరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరని మాత్రం చెప్పలేదు. కాపలా లేని ఉమ్మడి గురించే తన వాదన అని తర్వాత హార్డినే సవరించుకున్నారు. అదీ లేదు. ఉమ్మడి వనరులను జనమే కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకోగలరని చూపిన ఎలినార్ ఆస్ట్రమ్ పేరైతే ఒక్క వాక్యంలో, 2009లో నోబెల్ వచ్చిందన్నంత వరకే.

ఆమె 1990 నాటి పుస్తకంలో టర్కీలోని అలన్యా రేవు సంగతి ఉంది. అక్కడ వంద మంది దాకా జాలర్లు. మంచి చోటు కోసం 1970ల మొదట్లో కొట్టుకునేవారు. ఏళ్ల తరబడి తంటాలు పడి ఒక పద్ధతి కుదుర్చుకున్నారు. ఏటా సెప్టెంబరులో వేటకు అర్హులెవరో జాబితా రాస్తారు. వల వేసే చోట్లన్నిటినీ పేర్లతో సహా రాస్తారు. ఒకరి వల పక్కవాడి చేపకు అడ్డుపడనంత ఎడం ఉండేలా ఆ చోట్లను ఎంచుతారు. తర్వాత చీట్లు తీస్తారు. జనవరి దాకా ప్రతి పడవా రోజుకో చోటు చొప్పున తూర్పుకు జరుగుతుంది, అక్కణ్ణుంచి మే దాకా పడమరకు. చేపల గుంపు నడక అలా ఉంటుంది కాబట్టి మంచి చోటు అందరికీ వంతు ప్రకారం దక్కుతుంది. ఇన్స్పెక్టరు అక్కర్లేదు. ఈ రోజు మంచి చోటు వంతు ఎవరిదో వాడు తెల్లారేసరికి అక్కడ ఉంటాడు, దొంగతనంగా వల వేసినవాణ్ణి వాడే పట్టుకుంటాడు.

ఇక మన దగ్గరికి రండి. 1994 నాటి సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం ఉంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ జాలర్లది, మరపడవలు ఆ పైన వేటాడాలి. కాగితం మీద గీత భేషుగ్గా ఉంది. నీళ్ల మీద దాన్ని చూసేదెవరు? రింగు వలలు గీతకు లోపలే వేస్తున్నారని ఒక పేట, లేదని ఇంకో పేట గొడవపడి, 2022 జనవరిలో విశాఖ దగ్గర పడవలు తగలబడేదాకా వచ్చింది. అది కూడా జాలరి ఆశేనా? గీత గీసినవాళ్లు కాపలా కాయకపోతే ఇంకేమవుతుంది! మా ఊరి ఫిర్యాదు తీసుకున్న ఒక అధికారి పడవ నంబరు, ఫొటో తెమ్మన్నారు. చీకట్లో, అలల మీద, తెప్పలో నిలబడి ఫొటో తీయాలట.

డీజిల్ సబ్సిడీ ఊసే వ్యాసంలో లేదు. లీటరుకు 9 రూపాయల రాయితీ పెట్టినప్పుడు మరపడవకు నెలకు 3,000 లీటర్ల దాకా, ఇంజన్ బిగించుకున్న చిన్న పడవకు 300 లీటర్ల దాకా అన్నారు. హార్డిన్ కాపరి తన సొమ్ముతో పశువును కొన్నాడు. ఇక్కడ పశువుకు మేత ప్రభుత్వమే వేస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపమని, మిగతా ఏడాది ఎక్కువ దూరం వెళ్లి ఎక్కువ పట్టుకోమని డబ్బులిచ్చేది ఒకే శాఖ. దీనికి విషాదం అని పేరు పెట్టి, నేరం వలలాగేవాడి మీద వేయడం ఎంత సులువో!

అలాగని పెద్దమనుషుల పంచాయితీ చేతికి అంతా ఇచ్చేస్తే బాగుపడుతుందని నేననడం లేదు. పులికాట్ సరస్సులో తమిళనాడు వైపు 'పాడు' అనే వంతుల పద్ధతి ఉంది, వేట చోట్లను చీట్లతో పంచుకుంటారు. చాలా బాగుంది. కానీ వంతు ఒకే కులం మగవాళ్లకు, మిగతావాళ్లు గట్టు మీదే. ఆస్ట్రమ్ చెప్పిన మొదటి షరతు 'ఎవరు లోపల, ఎవరు బయట' అన్నది తేల్చుకోవడమే. అదే పక్కవాణ్ణి బయటకు నెట్టే షరతు కూడా అవుతుంది. అలన్యాలో ఉన్నది వంద మంది, మనకేమో రాష్ట్రం పొడవునా తీరం, పైగా చేపలు ఊరి హద్దు దగ్గర ఆగవు. అసలు పరీక్ష ఇక్కడే ఉంది. మీ రచయితగారు దాని దాకా రాలేదు.

రెండో భాగం వస్తుందని వేశారు. దానికి ముందు 8 కిలోమీటర్ల లోపల పట్టుకున్న మరపడవలెన్ని, వసూలైన జరిమానా ఎంత అని మత్స్యశాఖను అడిగి ఆ అంకెలు అచ్చువేయండి. చిన్న అక్షరాలైనా ఫర్వాలేదు, కళ్లజోడు పెట్టుకుని చదువుకుంటాం.

— ఒక రిటైర్డ్ లెక్చరర్, భీమిలి