మీరు అడవి కోడి అని వేసిన ఫొటో మా ఇంటి పుంజుది

సంపాదకులకు నమస్కారం.

మాది భాకరాపేట దగ్గర పల్లె. మా అత్తగారి కాలం నుంచి నాటుకోళ్లు పెంచుతున్నాం. ఇప్పుడు గంపల కింద ఐదు పుంజులు, ఇరవైకి పైగా పెట్టలు ఉన్నాయి. పోయిన నెల మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వచ్చింది. రోడ్డు పక్క పొదల ముందు నిలబడిన ఎర్ర పుంజు, కింద ‘శేషాచలం అడవి కోడి’ అని రాశారు. పేపరు చూసిన మా చిన్నవాడు ‘అమ్మా, ఇది మన డేగ కదా’ అన్నాడు. నిజమే, అది మా పుంజే. నిరుడు పక్కింటి పుంజుతో కలబడినప్పుడు దాని తురాయిలో వెనక నుంచి రెండో పన్ను తెగిపోయింది. ఆ గాటు ఫొటోలో కనిపిస్తోంది. ఎడమ కాలికి తాడు కట్టిన చోట రాపిడి మచ్చ కూడా ఉంది.

తప్పు పడిందని ఊరుకునేదాన్నే. కానీ ఫొటో కింద ఊరి పేరు, మలుపు గుర్తు కూడా వేశారు. వారం తిరక్కుండా ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద వచ్చి ‘అడవి కోడి ఎక్కడ తిరుగుతోంది’ అని మా వీధిలో వాకబు చేశారు. తర్వాత అటవీ సిబ్బంది వచ్చారు. వాళ్లు గంప ఎత్తి చూసి, నాటుకోడే అని తేల్చుకుని మర్యాదగానే వెళ్లారు. అయినా ఆ రెండు రోజులు ఇంట్లో అందరికీ టెన్షనే. అడవి కోడిని పట్టడం, చంపడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇంట్లో కోళ్లు అమ్ముకునేవాళ్ల మీద ఆ మాట పడితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. దీనికి ఇంకో వైపు నష్టం కూడా ఉంది. నిజమైన అడవి కోడిని ఎవరైనా నాటుకోడి అని చెప్పి అమ్ముతుంటే, ఇలాంటి ఫొటోలు చూసి అలవాటుపడ్డ కంటికి తేడా తెలియదు.

అందుకే ఆ ఫొటోను నేను ఎలా చూశానో రాస్తున్నాను.

మొదట చూడాల్సింది అది ఏ చోటు అన్నది. శేషాచలం కొండల్లో ఉండేది బూడిదరంగు అడవి కోడి. మెడ మీద ఎర్రగా, బంగారంలా మెరిసే ఈకలుండే ఎర్ర అడవి కోడి ఉత్తరాది అడవుల్లోదీ, ఇటు తూర్పు వైపు దాదాపు గోదావరి దాకా ఉండేదీ. మన కొండల్లో అది లేదు. కాబట్టి తిరుపతి చుట్టుపక్కల ఎర్రబంగారు మెడతో పుంజు కనిపిస్తే, తురాయీ కాళ్లూ చూడకముందే అది ఊరికోడి అని దాదాపు తేలిపోతుంది. మన అడవి పుంజు మెడ ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూసినవాళ్లు మరిచిపోరు. నల్లటి బూడిదరంగు ఈక, దాని కొసలో మైనం చుక్క కారి గట్టిపడ్డట్టు చిన్న పసుపు తెలుపు మచ్చ. మెడంతా అలాంటి చుక్కలే. వేలితో తాకితే ఆ చుక్క ఈకలా మెత్తగా ఉండదు, పొలుసులా గట్టిగా ఉంటుంది. ఏ నాటుపుంజుకూ ఇది రాదు.

ఇక తురాయి. అడవి పుంజుది ఒంటి పొర తురాయి, అంచున గాట్లు లోతుగా ఉండవు. నాటుపుంజు తురాయి పెద్దదిగా, పళ్లు లోతుగా ఉంటుంది, కొన్నిటికి ఒక పక్కకు ఒరిగిపోతుంది కూడా. పందెం జాతి పుంజులకైతే తల మీద మూడు చాళ్లుగా అణిగి ఉండే చిన్న ముద్ద తురాయి. అలాంటి ముద్ద కనిపిస్తే అడవి కోడి కాదని అక్కడే ఆపేయొచ్చు. కానీ ఒంటి పొర తురాయి ఉంది కదా అని అడవి కోడి అనేయకూడదు. మా డేగకూ ఒంటి పొరే. పైగా జతకట్టే కాలం దాటాక అడవి పుంజు తురాయి చిన్నదైపోతుంది, మెడమీది చుక్కల ఈకలు రాలి నల్లటి పొట్టి ఈకలు వస్తాయి. వానాకాలంలో తీసిన ఫొటోలో చుక్కలు కనబడలేదని తొందరపడి నాటుకోడి అనకూడదు. అప్పుడు ఒంటి మీది బూడిదరంగు, తోక చూడాలి.

తోక దగ్గరే మీ ఫొటో నాకు అన్నిటికంటే ముందు దొరికిపోయింది. నాటుపుంజు నిలబడితే తోక పైకెత్తి, కొడవలి ఈకలు ఎగిసిపడి కనిపిస్తాయి. అడవి పుంజు నడిచేటప్పుడు తోక వీపుకు సమానంగా, కిందికి దించి ఉంచుతుంది. కొడవలి ఈకలు నేల వైపు వంగి ఉంటాయి. రంగు ఊదా మెరుపు ఉన్న నలుపు. మా డేగ తోక ఆ ఫొటోలో గొడుగు విప్పినట్టు లేచి ఉంది. ఒక్క హెచ్చరిక ఏంటంటే, బెదిరినప్పుడు నాటుకోడి కూడా తోక దించి పొదలోకి దూరుతుంది. ఒక్క ఫ్రేములో తోక ఎత్తు చూసి తీర్పు చెప్పకండి. ఫొటో తీసినవాళ్లను అదే పక్షివి ఇంకో నాలుగు ఫొటోలు అడగండి.

కాళ్ల మాట కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. ‘కాళ్లు పచ్చగా ఉన్నాయి, అందుకే అడవి కోడి’ అని ఆ కుర్రాళ్లలో ఒకడు మా వాకిట్లోనే అన్నాడు. మన అడవి పుంజు కాళ్లు ఎరుపు కలిసిన పసుపు, పెట్టవి పసుపు. నిజమే. కానీ పసుపు కాళ్లు నాటుకోళ్లకూ కోకొల్లలు. పశువైద్యం చదువుతున్న మా అమ్మాయి దీనికి కారణం చెప్పింది. ఊరికోళ్లకు ప్రధానంగా మూలం ఎర్ర అడవి కోడి, దాని కాళ్లు పలకరంగు బూడిద. పసుపు చర్మం ఇచ్చే జన్యువు మాత్రం మన బూడిదరంగు అడవి కోడి నుంచి ఊరికోళ్లలోకి వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు చూపించారు. అంటే పసుపు కాళ్లు చూసి రెండిట్నీ వేరుచేయడం కుదరదు, ఆ రంగు ఇచ్చిందే అడవి కోడి కాబట్టి. కాళ్ల మీద ఈకలుంటే, లేదా కాళ్లు తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే మాత్రం ఊరికోడి అనొచ్చు. అదీ కాళ్లు శుభ్రంగా కనిపిస్తేనే. మన వైపు ఎర్రమట్టిలో గీరుకున్న తెల్లకాళ్లు ఫొటోలో పసుపు ఎరుపుగా వస్తాయి. సాయంత్రపు ఎండ పడితే ఇంకా మోసం.

పెట్టలు ఇంకా కష్టం. అడవి పెట్ట రొమ్ము తెల్లగా ఉండి, ప్రతి ఈకకూ ముదురు అంచు ఉంటుంది, అందువల్ల పొలుసులు పేర్చినట్టు కనిపిస్తుంది. తురాయి ఉందా లేదా అన్నంత చిన్నది. వీపు వైపు నుంచి తీసిన ఫొటోలో ఇవేవీ కనబడవు. అప్పుడు తేల్చలేమని రాయడమే మర్యాద. అడవి అంచు ఊళ్లలో రెండూ కలిసిన పిల్ల అయితే ఫొటోతో అసలు తేలదు.

మీ పేజీలోనే సెప్టెంబరులో ఇంకో ఫొటో వచ్చింది, ‘తలకోన అడవిలో అరుదైన ఫెజెంట్’ అని. ఫెజెంట్ అంటే కోడిని పోలిన అడవి పక్షి. దాని కథ చిన్నది. ఆ పక్షి మెడ మొత్తం నీలం, తల మీద కుచ్చుల్లా నిలబడ్డ శిఖ, రెక్కలో ఇటుకరంగు ఈకలు. అది పింఛం రాల్చుకున్న మగ నెమలి. వానలు తగ్గేసరికి నెమలి పింఛం రాలిపోతుంది. మనం పింఛం అనేది దాని తోక కాదు, తోక మీద కప్పే పొడుగు ఈకలు. అవి పోయాక అడుగున ఉన్న అసలు తోక బయటపడుతుంది, ఇరవై గోధుమరంగు ఈకలతో పొట్టిగా. దాన్ని చూసే ఎవరో ఏదో కొత్త పక్షి అనుకున్నారు. ఫెజెంట్‌లకు చాలావాటికి తోకే పొడుగు, సన్నగా మొనదేలి, అడ్డచారలతో ఉంటుంది. నెమలిలా నిటారుగా విసనకర్ర విప్పినట్టుండే శిఖ వాటిలో చాలావాటికి ఉండదు. కొన్నిటికి తల వెనక్కి వాలే జుట్టు ఉంటుంది. నెమలి కాళ్లు పొడుగు, నిలబడితే పొట్ట నేలకు ఎంతో ఎత్తున ఉంటుంది. ఫెజెంట్‌ పొట్టిగా, నేలకు దగ్గరగా కనిపిస్తుంది. ఆడ నెమలికి పింఛం ఎప్పుడూ ఉండదు, మెడ కింద ఆకుపచ్చ మెరుపు, పొట్ట తెలుపు, శిఖ మాత్రం ఉంటుంది.

శాస్త్రంలో నెమలీ అడవి కోడీ కూడా ఫెజెంట్ల కుటుంబంలోవే. అది వేరే సంగతి. మనం ఫెజెంట్ అని పిలిచే మోనాల్, కలీజ్ లాంటివి హిమాలయాలవి. తలకోనలో ఒకటి కనిపించిందంటే ఎవరో పెంచుకున్నది ఎగిరిపోయి ఉండాలి, లేకపోతే ఫొటో మన దగ్గరిది కాదు. మన జెముడుకాకిని పాత ఇంగ్లీషు పుస్తకాల్లో క్రో ఫెజెంట్ అని రాశారు, ఇటుకరంగు రెక్కలున్న ఆ నల్లటి పక్షిది కోకిల కుటుంబం. ఆ పేరు వల్ల కూడా కొందరు పొరబడుతున్నారు.

నా విన్నపం ఇంతే. పక్షి ఫొటో వస్తే వాట్సాప్‌లో పదిమంది చేతులు మారింది కాకుండా అసలు ఫైలు అడగండి. మెడ మీది చుక్కలు, తురాయి గాట్లు ముందు చెరిగిపోయేది ఆ వాట్సాప్ కాపీలోనే. పక్క నుంచి తీసింది, కాళ్లు కనిపించేది ఒకటైనా ఉందా చూడండి. తేలకపోతే ‘కోడి పుంజు’ అని వేయండి, తప్పేం లేదు. నిజంగా అడవి కోడి అయితే ఊరూ మలుపూ రాయకండి, వేటగాడికి దారి చూపినట్టవుతుంది. నెమలి విషయంలోనూ అంతే, అది 1963 నుంచి జాతీయ పక్షి, చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది.

పోయిన నెల ఫొటోకు ఒక సవరణ వేయండి. అప్పటిదాకా మా డేగను పగలు కూడా కాలికి తాడు కట్టే ఉంచుతున్నాను. సవరణ రాగానే విప్పేస్తాను.

ఇట్లు
ఒక పాఠకురాలు,
భాకరాపేట